"వాల్‌నట్ నిజమైన గింజ కాదు": ఈ వాక్యంలో తప్పెక్కడుంది?

అనువాదకురాలు:
పిల్లల సైన్సు వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. మూలంలో ఉన్న మాట ఇది: వాల్‌నట్టూ బాదమూ పేరుకే నట్లు, వృక్షశాస్త్రం ప్రకారం రెండూ డ్రూపులు. నేను "వాల్‌నట్ నిజమైన గింజ కాదు, బాదం కూడా కాదు, రెండూ టెంకపండ్లు" అని రాశాను. చదివిన ఒకరు "గింజ కాకపోతే మనం తినేది ఏమిటి?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. నట్‌కి గింజ అనడమే తప్పా, లేక మూలంలోనే తేడా ఉందా?

బాటనీ మాస్టారు:
రెండూ ఉన్నాయమ్మా. ముందు మాట సంగతి చూద్దాం. నట్ అనేది కాయ రకానికి పేరు. గింజ అనేది కాయ లోపలి భాగానికి పేరు. వాల్‌నట్‌లో మనం తినేది అచ్చంగా గింజే, బాదంలోనూ గింజే. కాబట్టి "నిజమైన గింజ కాదు" అంటే ఉన్న నిజాన్ని కాదన్నట్టయింది. పాఠ్యపుస్తకాల్లో నట్‌ని పెంకుగల ఫలం అనీ, డ్రూప్‌ని టెంకగల ఫలం అనీ రాస్తారు. వాడుక మాటల్లోనే కావాలంటే పెంకుకాయ, టెంకకాయ అనండి. "వాల్‌నట్ అసలైన పెంకుకాయేనా?" అంటే ప్రశ్న సరిగ్గా నిలబడుతుంది.

పదాల పిచ్చి:
మన భాష ఈ విషయంలో చాలా నిక్కచ్చిగా ఉంది, గమనించారా? మామిడిలో తొక్క, గుజ్జు, టెంక, టెంకలో జీడి. ఒక్కో పొరకూ ఒక్కో మాట. బజారులో అడిగేది కూడా బాదం పప్పు, జీడిపప్పు. పెంకూ టెంకా తీసేశాక మిగిలిన పలుకునే పప్పు అంటాం, కాయ ఏ రకమన్నది ఆ మాటలో లేనే లేదు. అందుకే బాదం పప్పు అన్నప్పుడు ఏ శాస్త్రవేత్తకూ అభ్యంతరం ఉండదు. చిక్కంతా నట్ అన్న మాటను అరువు తెచ్చుకున్నప్పుడే మొదలైంది.

ఇంటర్ బైపీసీ:
ఇందులో ఇంత చర్చ దేనికండీ? గట్టి పెంకు లోపల గింజ, దాని పైన ఇంకో పొర ఉంటే డ్రూప్. వాల్‌నట్‌కి పైన పచ్చటి తొక్క ఉంది, బాదానికీ ఉంది. రెండూ డ్రూపులే, రెండూ ఒకటే. మూలం కరెక్ట్.

బాటనీ మాస్టారు:
బాదం వరకు మీ మాట పూర్తిగా నిజం. వాల్‌నట్ దగ్గర సగమే నిజం. పైన పొర ఉందా లేదా అని చూస్తే సరిపోదు, ఆ పొర పువ్వులో దేని నుంచి వచ్చిందో చూడాలి.

బాదం పువ్వులో అండాశయం ఒక చిన్న గిన్నె అడుగున విడిగా కూర్చుని ఉంటుంది, ఆ గిన్నెకు అతుక్కోదు. పిందె పట్టాక గిన్నె ఎండి రాలిపోతుంది. మిగిలిన అండాశయం గోడే మూడు పొరలవుతుంది: పైన నూగున్న పచ్చటి తొక్క, దాని కింద గుజ్జు ఉండాల్సిన చోట తోలులాంటి దళసరి పొర, లోపల టెంక. పీచ్ పండులో మధ్య పొర రసంతో ఊరుతుంది, బాదంలో ఎండి పగిలిపోతుంది, తేడా అంతే. రెండూ ప్రూనస్ ప్రజాతివే. ఆల్‌బుకరా, చెర్రీ కూడా ఆ ఇంటివే.

వాల్‌నట్‌లో ఆడపువ్వు వేరు. అక్కడ అండాశయం కింద ఉంటుంది, రక్షక పత్రాలు దాని నెత్తి మీద ఉంటాయి. పువ్వు కింద ఉండే చిన్న ఆకుల్లాంటి పుచ్ఛాలు కూడా అండాశయం గోడకు అతుక్కుని దానితో పాటే పెరుగుతాయి. అంటే ఆ పచ్చటి తొక్క ఒట్టి అండాశయం గోడ కాదు, చుట్టుపక్కల భాగాలు కలిసి తయారైన కంబళి. డ్రూప్ అనాలంటే పొరలన్నీ అండాశయం గోడవే అయ్యుండాలని పట్టుబట్టేవారు వాల్‌నట్‌ని డ్రూప్ అని ఒప్పుకోరు. కంబళి కప్పుకున్న నట్ అంటారు.

ఇంటర్ బైపీసీ:
సరే, కానీ కంటికి కనపడే గుర్తేమైనా ఉందా? పువ్వును కోసి చూసే వీలు అందరికీ ఉండదు కదా.

బాటనీ మాస్టారు:
ఉంది, మన జామకాయే చెబుతుంది. జామకాయకు తొడిమ ఒక కొసన ఉంటే, ఎండిన రక్షక పత్రాల కిరీటం రెండో కొసన ఉంటుంది. దానిమ్మకూ అంతే. అండాశయం కింద, పువ్వు మిగతా భాగాలు పైన ఉన్నాయనడానికి అదే సాక్ష్యం. టమాటా, వంకాయల్లో ఆ పత్రాలు తొడిమ దగ్గరే ఉంటాయి. పచ్చి వాల్‌నట్ కాయ కొసన చూడండి, పుప్పొడి పట్టే కీలాగ్రం ఎండి మిగిలిన మోడు, దాని చుట్టూ పత్రాల ఆనవాళ్లు కనిపిస్తాయి. అది జామ పద్ధతి. పచ్చి బాదం కాయ కొసన అలాంటి కిరీటం ఉండదు, కాయకు ఒక పక్కన చిక్కుడుకాయకు ఉన్నట్టు నిలువు గీత ఉంటుంది.

కాలిఫోర్నియా తెలుగు:
ఇక్కడ తోటల్లో ఆ గీత బాగా కనిపిస్తుంది. బాదం పక్వానికొచ్చినప్పుడు పై తొక్క ఆ గీత వెంటే నోరు తెరుస్తుంది, లోపల టెంక కనపడుతుంది. వాల్‌నట్ తొక్క మాత్రం ఒక లెక్కలో పగలదు, ఎటు పడితే అటు చీలుతుంది. ఆలస్యమైతే నల్లగా మెత్తబడి పెంకుకు అంటుకుంటుంది. గ్లౌజులు లేకుండా వొలిస్తే వేళ్లకు పట్టిన గోధుమ రంగు సబ్బుకు వదలదు, రోజుల తరబడి ఉంటుంది. తొక్కలోని పదార్థం గాలి తగిలి రంగు మారడం వల్ల వచ్చే మరక అది.

వీధి చివరి ఇల్లు:
మా ఇంటి ముందు బాదం చెట్టుంది. ఎర్రగా పండిన కాయ పైన గుజ్జు పిల్లలు తింటారు, టెంక రాయితో కొడితే సన్నటి పప్పు వస్తుంది. మీరు చెప్పే నూగు గానీ నిలువు గీత గానీ దానికి లేవు. తోలు పొర కూడా లేదు, పీచు ఉంది. మాస్టారు చెప్పింది తప్పేమో ఒకసారి చూడండి.

బాటనీ మాస్టారు:
మీరు చూసింది సరిగ్గానే చూశారు, చెట్టే వేరు. అది నాటు బాదం, శాస్త్రీయ నామం టెర్మినేలియా కటప్ప. మద్ది, కరక్కాయ చెట్ల కుటుంబం. విస్తళ్లు కుట్టే పెద్ద ఆకు దానిదే. కొట్లో దొరికే బాదం ప్రూనస్ డల్సిస్, గులాబీ కుటుంబం. పప్పు రుచి దగ్గరగా ఉండటంతో పేరు అంటుకుంది. రెండూ టెంకకాయలే కాబట్టి గందరగోళం ఇంకా పెరిగింది.

తేడా తేల్చడానికి రెండు పప్పులూ రాత్రి నానబెట్టి పొద్దున చూడండి. కొట్టు బాదం గోధుమ రంగు పొర ఊడదీస్తే రెండు బద్దలుగా విడిపోతుంది. కోసుగా ఉన్న చివర రెండిటి మధ్యా చిన్న మొలక ముక్క కనిపిస్తుంది. నాటు బాదం పప్పు అలా రెండు బద్దలు కాదు. చుట్టిన తమలపాకులా విప్పుకుంటూ పోవచ్చు, బీజదళాలు చుట్ట చుట్టుకుని ఉంటాయి.

వీధి చివరి ఇల్లు:
ఇప్పుడే ఒకటి కొట్టి చూశాను. నానబెట్టకపోయినా పొరలు పొరలుగా వచ్చింది. ఇన్నేళ్లుగా తింటున్నాం, ఎప్పుడూ విప్పి చూడలేదు.

డ్రైఫ్రూట్ కొట్టు:
బాదంలో అప్పుడప్పుడు ఒక టెంకలో రెండు పప్పులు వస్తాయి. ఒక పక్క ఉబ్బుగా, రెండో పక్క నొక్కేసినట్టు ఉంటాయి. సైజు సరిగ్గా రాదని గ్రేడింగ్‌లో పక్కకు తీస్తారు. అక్రోటులో, అదే వాల్‌నట్‌లో, అలా జంట ఎప్పుడూ చూడలేదు. కానీ అక్రోటులో నాలుగు ముక్కలు ఉంటాయి కదా, మరి అవి నాలుగు గింజలు కావా?

బాటనీ మాస్టారు:
మీ అనుభవమే మంచి రుజువు. అండాశయం ఫలదళాలనే, అండాలను మోసే ఆకుల్లాంటి భాగాలతో తయారవుతుంది. బాదంలో ఫలదళం ఒకటే, అందులో రెండు అండాలు ఉంటాయి. మామూలుగా ఒకటే గింజవుతుంది, రెండూ అయితే మీ జంట పప్పు. ఒకదాన్నొకటి నొక్కుకుని పెరుగుతాయి గనక లోపలి పక్క పల్లం పడుతుంది. వాల్‌నట్‌లో ఫలదళాలు రెండు, అండం మాత్రం ఒక్కటే. అందుకే జంట కనపడలేదు.

నాలుగు ముక్కలు కలిపి ఒకే గింజ. మధ్యలో చెక్కలాంటి అడ్డుగోడ ఉంటుందే, అది గింజది కాదు, కాయది. గింజ పెరిగేటప్పుడు దాని చుట్టూ సందుల్లోకి మడతలు పడుతూ దూరుతుంది. పప్పు మీద కాస్త చేదుగా ఉండే పల్చటి పొరను వేడినీళ్లలో నానబెట్టి ఊడదీసి చూడండి, నాలుగు ముక్కలూ నడుమ కలిసే ఉంటాయి. పెంకు కొట్టేటప్పుడు విరిగిపోతాయి కాబట్టి విడి గింజల్లా అనిపిస్తాయి.

ఇంకో మాట. అసలైన నట్‌కి గట్టిగా చెప్పే లక్షణం ఏమిటంటే, ఒకటికంటే ఎక్కువ ఫలదళాలు కలిసిన అండాశయం, తనంతట తాను విచ్చుకోని గట్టి పెంకు, లోపల ఒకే గింజ. హేజెల్‌నట్, చెస్ట్‌నట్, ఓక్ కాయ దీనికి సరిపోతాయి. వాల్‌నట్ కుటుంబం కూడా వాటితో పాటు ఫాగేల్స్ అనే క్రమంలోదే. చుట్టరికం చూస్తే వాల్‌నట్ నట్ల ఇంటి బిడ్డ. బాదానికి ఆ ఇంటితో దగ్గరి సంబంధం లేదు.

ఇంటర్ బైపీసీ:
మా పుస్తకంలో పెంకుగల ఫలానికి ఉదాహరణ జీడిమామిడి. అదీ నట్ కాదంటారా?

బాటనీ మాస్టారు:
పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయండి. కానీ జీడిగింజ పెంకును పొరలుగా కోస్తే మధ్య పొరలో చర్మాన్ని కాల్చే జీడి నూనె గదులు కనిపిస్తాయి. అది మామిడి కుటుంబానిదే. అందుకే చాలామంది డ్రూప్ అంటారు.

పదాల పిచ్చి:
మరి అక్రోటు మాట సంగతి? సంస్కృతంలో అక్షోటం ఉంది, హిందీలో అఖ్‌రోట్. బాదం పారశీకం నుంచి వచ్చింది. ఇంగ్లీషు వాల్‌నట్‌లో వాల్ అంటే పరదేశి అని అర్థం, గోడ కాదు. పరదేశం నుంచి వచ్చిన కాయ కాబట్టి ఆ పేరు. వృక్షశాస్త్రం పుట్టకముందే ఆ మాటలో నట్ ఉంది. కాబట్టి "పేరు తప్పు" అని ఆ వ్యాసం అనడం నాకు నచ్చలేదు. బజారు మాట ముందుది, శాస్త్రం దాన్ని తరవాత ఇరుకు చేసుకుంది.

బాటనీ మాస్టారు:
అది ఒప్పుకుంటాను.

అనువాదకురాలు:
అయితే ఇలా మారుస్తున్నాను: "బాదం టెంకకాయ. మనం తినేది టెంక లోపలి గింజ. అక్రోటు చూడటానికి టెంకకాయలా ఉన్నా, దాని పచ్చటి తొక్కలో పువ్వు చుట్టుపక్కల భాగాలు కూడా కలిసి ఉంటాయి. అందుకే దాన్ని కొందరు టెంకకాయ అనీ, కొందరు పెంకుకాయ అనీ అంటారు." మూలం కంటే ఎక్కువ చెప్పినట్టవుతుందేమో, సంపాదకులను అడగాలి. ఇంకో చిన్న పని కూడా ఉంది. ఒక బిస్కెట్ ప్యాకెట్ మీద అలర్జీ హెచ్చరికలో ట్రీ నట్స్ అని ఉంది. అక్కడ పెంకుకాయలు అనొచ్చా?

బాటనీ మాస్టారు:
వద్దు. అక్కడ వృక్షశాస్త్రం పనికిరాదు. శాస్త్రం ప్రకారం రాస్తే బాదం జాబితాలోంచి జారిపోతుంది, బాదం పడనివారు ధైర్యంగా తినేస్తారు. గింజలు అనీ రాయకండి, నువ్వులూ సోయా కూడా గింజలే కదా. పేర్లే రాయండి: బాదం, జీడిపప్పు, అక్రోటు, పిస్తా. ఆ ప్యాకెట్‌లో ఏవి ఉన్నాయో తయారీదారుని అడిగి అవే రాయండి. వేరుశనగ విడిగా రావాలి, మన లేబులింగ్ నిబంధనల్లో కూడా అది ట్రీ నట్స్‌లో కలవదు, వేరే పేరుగానే ఉంది.

డ్రైఫ్రూట్ కొట్టు:
అక్రోటు అని రాస్తే ఈ కాలం పిల్లలకు తెలియదమ్మా. కొట్టుకొచ్చి వాల్‌నట్ అనే అడుగుతున్నారు. రెండూ రాయండి.

పదాల పిచ్చి:
ప్యాకెట్ మీద రెండూ సరే. పిల్లల వ్యాసంలో మాత్రం అక్రోటే ఉంచండి. ఇప్పుడు రాయకపోతే వాళ్లకు ఎప్పటికీ తెలియదు.