పాపను ఏడున్నరకే పడుకోబెట్టాలా, తొమ్మిది దాటనివ్వాలా?

మధురవాడ అమ్మ: మా పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. రాత్రి ఏడున్నరకు పక్క మీదికి చేరిస్తే ఎనిమిదిన్నరకు గాని నిద్రపోదు. రెండు గంటలకు లేచి మూడుంపావు వరకు హుషారుగా ఆడుతుంది. మళ్ళీ పడుకుని ఆరుంపావుకు లేస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా నిద్ర. ఇంకా ముందే పడుకోబెట్టమని మా అమ్మ, ఆలస్యం చేస్తే తెల్లవారాక ఆలస్యంగా లేస్తుందని మా ఆయన. ఎవరి మాట సరైనది?

గాజువాక నాన్న: మీ ఆయన మాటే సరైనది. మా వాడిని పది గంటలకు పడుకోబెట్టడం మొదలుపెట్టాక అర్ధరాత్రి లేవడం మానేశాడు, పొద్దున ఏడున్నర వరకు కదలడు. పిల్లలు బాగా అలిసిపోతేనే గాఢంగా నిద్రపోతారు. మీ పాపను కూడా పది వరకు ఆడనివ్వండి, తెల్లవారుజామున లేవడం దానంతట అదే పోతుంది.

పెదవాల్తేరు అమ్మమ్మ: పది గంటల దాకా పసిదాన్ని మేలుకొలిపి ఉంచడమా? అలసట హద్దు మీరితే పిల్లలు నిద్రపోరు సరికదా, నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తారు. మా మనవరాళ్లను ఏడింటికే పడుకోబెట్టేవాళ్లం. అర్ధరాత్రి లేస్తోందంటే నిద్ర చాలడం లేదని అర్థం, కనుక ఇంకో అరగంట ముందుకు జరపండి.

సీతమ్మధార నర్సు: నేను చాలా ఏళ్లు పిల్లల వార్డులో పనిచేశాను. సలహా ఇచ్చే ముందు ఆ తల్లి ఇచ్చిన గంటలను కలిపి చూద్దాం. ఎనిమిదిన్నర నుంచి ఆరుంపావు వరకు తొమ్మిది గంటల నలభై అయిదు నిమిషాలు. అందులో మేలుకున్న గంటంపావు తీసేస్తే రాత్రి నిద్ర ఎనిమిదిన్నర గంటలు. మధ్యాహ్నపు రెండున్నర గంటలు కలిపితే పదకొండు. ఒకటి రెండేళ్ల పిల్లలకు రోజంతటికీ 11 నుంచి 14 గంటలు చాలునని వైద్యులు చెబుతారు. కింది అంచున ఉన్నా పాప లెక్కలోనే ఉంది.

అయితే పక్క మీద గడిపేది పదిగంటల నలభై అయిదు నిమిషాలు, నిద్ర మాత్రం ఎనిమిదిన్నర గంటలు. మిగిలిన రెండుంపావు గంటలు ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. ఒక గంట పడుకునే ముందు దొర్లడంలో, మిగతాది రెండు గంటల వేళ ఆటలో పోతోంది. మొదటి గంటల గాఢనిద్ర తీరాక రాత్రి రెండో సగం పలుచగా సాగుతుంది. మధ్యాహ్నం బాగా పడుకున్న బిడ్డకు ఆ సమయంలో నిద్రను పట్టి ఉంచే బలం చాలదు. పైగా సహజంగా నిద్ర పట్టే వేళకు ముందు వచ్చే గంటలో పిల్లలు మరీ చురుగ్గా ఉంటారు. నిద్ర తెచ్చే మెలటోనిన్ అప్పటికి సరిగా ఊరదు. అందుకే ఏడున్నరకు పక్క మీద పడుకోబెట్టినా గంటసేపు గెంతుతూనే ఉంటుంది.

కనుక నా ఉద్దేశం ఏమిటంటే, కొన్నాళ్లు ఎనిమిదిన్నరకు ముందు పక్క ఎక్కించవద్దు. రాత్రి ఎంత పాడైనా ఆరుంపావుకే లేపండి. ఒక వారం తరువాత మధ్యాహ్నం రెండున్నరకు లేపడం మొదలుపెట్టండి. ఈ పద్ధతి సాధారణంగా చెడేది ఇక్కడే: రాత్రి మేలుకుంది పాపం అని ఉదయం ఎనిమిది వరకు పడుకోనిస్తారు, మధ్యాహ్నం మూడు గంటలు వదిలేస్తారు, అప్పుడు ఆ రాత్రి మళ్ళీ అదే కథ. పక్క మీద చేరిన పావుగంట, ఇరవై నిమిషాల్లో నిద్రపోతూ, నడిరాత్రి మెలకువ చిన్నదవుతుంటే దారి సరైనదే. ఆ తరువాత కావాలంటే పడుకునే వేళను పావుగంట చొప్పున ముందుకు జరుపుకోవచ్చు. రెండు గంటలకు లేచినప్పుడు వంటింటి ట్యూబ్‌లైటు వేయవద్దు, ఫోను చూపించవద్దు.

ఎంవీపీ తాతగారు: నాకు కూడా ఇదే ఇబ్బంది. ఎనిమిదింటికి నడుం వాలుస్తాను, మూడింటికి మెలకువ వస్తుంది, ఆ తరువాత ఫ్యాను చప్పుడు వింటూ తెల్లవారే వరకు పడుకుంటాను. నిద్రమాత్ర మొదలుపెట్టమంటారా?

సీతమ్మధార నర్సు: అయ్యా, ఇది పిల్లల గురించిన చర్చ. అయినా మీ లెక్క మీరే చెప్పారు: ఎనిమిది నుంచి మూడు వరకు ఏడు గంటలు, అంటే మీ వయసుకు చాలినంత నిద్ర అయిపోయింది. పదింటికి పడుకుని చూడండి. మాత్ర సంగతి మీ డాక్టరు గారినే అడగండి.

గాజువాక నాన్న: చివరికి మీరూ వేళను వెనక్కే జరిపారు కదా. మరి నా మాటలో తప్పేముంది?

సీతమ్మధార నర్సు: అర్ధరాత్రి మెలకువ విషయంలో మీది నిజమే. తెల్లవారి ఆలస్యంగా లేస్తుందన్న హామీ మాత్రం ఇవ్వలేం. లేచే వేళను నడిపించేది ముందురాత్రి పడుకున్న గంట కంటే ఒంట్లోని గడియారం, దాన్ని సరిచేసేది ఉదయపు వెలుగు. మన ఊళ్లో మే, జూన్ నెలల్లో అయిదున్నరకు ముందే సూర్యోదయం, పైగా సముద్రం వైపు కిటికీలున్న ఇళ్లకు మబ్బులు తప్ప అడ్డేమీ ఉండదు. అలాంటి ఇంట్లో బిడ్డను పదింటికి పడుకోబెడితే చాలాసార్లు ఆరింటికే లేస్తుంది, మధ్యలో గంటన్నర నిద్ర తగ్గిపోతుంది, అంతే.

గాజువాక నాన్న: మా కిటికీ యారాడ కొండ వైపు ఉంది. గదిలో ఎండ పడేది ఏడు దాటాకే. ఆ తేడా ఇంతవరకు నేను ఆలోచించలేదు. అయినా మా వాడు నెలల తరబడి అదే వేళలకు అలవాటుపడ్డాడు, బడి లేదు, హాయిగా ఉన్నాడు. దాన్ని చెడ్డ అలవాటు అనడానికి నేను ఒప్పుకోను.

సీతమ్మధార నర్సు: చెడ్డదని నేనూ అనను. మొత్తం నిద్ర సరిపోతూ, రోజూ ఒకే వేళ ఉంటే గడియారంలో అంకె ఏదైనా ఫరవాలేదు. బడి మొదలయ్యాక ఏడింటికి లేపవలసి వచ్చినప్పుడు ఇబ్బంది తెలుస్తుంది.

మధురవాడ అమ్మ: ఒక సంగతి చెప్పడం మరిచాను. మా ఆయనకు షిఫ్టు ఉద్యోగం. రెండో షిఫ్టు వారంలో నాన్న కోసమని పాపను తొమ్మిదిన్నర దాకా మెలకువగా ఉంచుతాం. ఆ వారంలో పక్క మీద పెట్టిన రెండు నిమిషాలకే నిద్రపోతుంది గాని, పదకొండు గంటల ప్రాంతంలో కళ్లు తెరిచి గట్టిగా ఏడుస్తుంది, ఎత్తుకున్నా నన్ను గుర్తుపట్టదు. ఇదీ ఆ మెలకువేనా?

సీతమ్మధార నర్సు: కాదు. నిద్రపోయిన గంటా రెండు గంటల్లో, సగం నిద్రలోనే వచ్చే ఏడుపు అది, నిద్ర తక్కువైన రోజుల్లో ఎక్కువగా వస్తుంది. ఆ వారం విషయంలో పెదవాల్తేరు అమ్మమ్మ గారి మాటే సరైనది. మీ పాపకు రెండు వైపులా జరుగుతోంది: మామూలు వారాల్లో వేళ ముందుకు ఎక్కువైంది, ఆ వారంలో ఆలస్యం ఎక్కువైంది. రెండు గంటలకు నవ్వుతూ లేచి ఆడితే మొదటిది. రాత్రి మొదటి భాగంలో తెలివి లేకుండా ఏడ్చి, పొద్దున లేపినా లేవకపోతే రెండోది. ఏడుస్తున్నప్పుడు లేపకండి, పడిపోకుండా చూసుకుంటే చాలు. గురక పెడుతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా వేళలు మార్చడం తరువాత, ముందు పిల్లల డాక్టరుకు చూపించండి.

పెదవాల్తేరు అమ్మమ్మ: నా మాట సగమైనా నిలిచింది. నాన్నను పొద్దున చూపించవచ్చు కదమ్మా, రాత్రే చూడాలా?

మధురవాడ అమ్మ: రెండో షిఫ్టులో ఆయన ఒంటిగంటకు బయలుదేరతారు గనుక ఉదయమంతా ఇంట్లోనే ఉంటారు. కాని బిడ్డ నిద్రపోయిన ఇంటికి రావడం ఆయనకు నచ్చదు, ఆ మాట మీద మా ఇంట్లో ఇంకా తేలలేదు. ఎనిమిదిన్నర, ఆరుంపావు మాత్రం రేపటి నుంచి మొదలుపెడతాను.

గాజువాక నాన్న: ఆయన పక్షాన నేనున్నానని చెప్పండి.