హాబెనా, జైనా? ‘పోయింది’ పరీక్ష ఎంతవరకు నిలుస్తుంది

అడిగినవారు (హైదరాబాద్, జర్మన్ బీ1 చదువుతున్నాను): నమస్తే అండీ. జర్మన్‌లో జరిగిపోయిన పని చెప్పేటప్పుడు క్రియకి తోడుగా హాబెన్ గానీ జైన్ గానీ వస్తుంది కదా, కదలిక చెప్పే క్రియలకి జైన్ పెట్టాలని క్లాసులో చెప్పారు. ‘మ్యూనిక్ వెళ్ళాను’ అంటే ఇష్ బిన్ నాఖ్ మ్యూన్షెన్ గెఫారెన్. సరే. నిన్న ఒక ఉత్తరంలో ‘కారుని షెడ్డుకి తీసుకెళ్ళాను’ అని రాయాల్సి వచ్చి, ఇష్ బిన్ డాస్ ఆటో ఇన్ డీ వెర్క్‌ష్టాట్ గెఫారెన్ అన్నాను. టీచరు జైన్ రూపమైన బిన్ కొట్టేసి హాబెన్ రూపమైన హాబె రాశారు. క్రియ అదే, వెళ్ళిందీ నేనే. మరి ఎందుకు మారింది?

మ్యూనిక్ నుంచి: వెళ్ళింది మీరే, కానీ ఆ వాక్యం మీ ప్రయాణం గురించి కాదమ్మా. కారు ఇంటి దగ్గర్నుంచి షెడ్డుకి చేరింది, చేర్చింది మీరు. మన భాషలోనే చూడండి: గ్లాసు పగిలింది, నేను గ్లాసు పగలగొట్టాను. మనం క్రియనే మార్చేస్తాం. జర్మన్‌లో క్రియ ట్సెర్‌బ్రెఖెన్ ఒక్కటే, పక్కనున్న మాట మారుతుంది. డాస్ గ్లాస్ ఇస్ట్ ట్సెర్‌బ్రోఖెన్ అంటే పగిలింది, ఇస్ట్ కూడా జైన్ రూపమే. ఇష్ హాబె డాస్ గ్లాస్ ట్సెర్‌బ్రోఖెన్ అంటే నేను పగలగొట్టాను. మీ కారు రెండో రకం.

గుంటూరు నుంచి: నేను విద్యార్థులకి ఇంకా తేలిక దారి చెబుతాను. తెలుగులో చివర ‘పోయింది’ వస్తే జైన్. చచ్చిపోయాడు, ఇస్ట్ గెష్టోర్బెన్. బస్సు వెళ్ళిపోయింది, ఇస్ట్ అబ్‌గెఫారెన్. ఉండిపోయాను, బిన్ గెబ్లీబెన్. ఆ చివరిదాంట్లో కదలికా లేదు, మార్పూ లేదు, అయినా మన ‘పోయాను’ దాన్ని పట్టేసింది చూడండి.

మ్యూనిక్ నుంచి: మాస్టారూ, గెబ్లీబెన్ దొరకడం నాకూ నచ్చింది. కానీ ‘మర్చిపోయాను’ ఏమైంది? ఇష్ హాబె ఫెర్‌గెస్సెన్. మ్యాచ్ ఓడిపోయాం, వియర్ హాబెన్ ఫెర్‌లోరెన్. వాన ఆగిపోయింది, ఎస్ హాట్ ఆఫ్‌గెహ్యోర్ట్. లావైపోయాను అన్నది స్పష్టంగా మార్పే, అయినా హాబె ట్సూగెనొమ్మెన్.

అన్నిటికన్నా ‘నిద్రపోయాను’ దగ్గర జాగ్రత్త. మనకి అది రెండు పనులు చేస్తుంది. ‘పదింటికే నిద్రపోయాను’ అంటే మెలకువ నుంచి నిద్రలోకి జారడం, బిన్ ఐన్‌గెష్లాఫెన్. ‘ఎనిమిది గంటలు నిద్రపోయాను’ అంటే ఆ నిద్రలోనే ఉండటం, హాబె గెష్లాఫెన్. ఎప్పుడు అని అడిగితే మొదటిది, ఎంతసేపు అని అడిగితే రెండోది. మా ఇంట్లో పిల్లలకి ఇలాగే చెప్పాను.

దుబాయ్ నుంచి: ఇంత గొడవెందుకండీ? నేను ఉన్నానుకి ఇష్ వార్, వెళ్ళానుకి ఇష్ గింగ్ అని ఒక్క మాట గతరూపాలే అనేస్తాను. హాబెనూ లేదు, జైనూ లేదు.

మ్యూనిక్ నుంచి: వార్, హాట్టె అందరూ మాటల్లో అంటారండీ. గింగ్ కథ చదివినట్టు వినిపిస్తుంది, మా వైపు మరీను. పైగా ఆవిడ అడిగింది కారు వాక్యం గురించి.

గ్రాట్స్ నుంచి: నా సంగతి చెబుతాను, నర్సుగా చేస్తున్నాను. ‘పేషెంటు పక్కన నిలబడ్డాను’ అనడానికి పుస్తకంలో ఉన్నట్టే హాబె గెష్టాండెన్ అనేదాన్ని. ఇక్కడ మా వార్డులో అందరూ బిన్ గెష్టాండెన్, బిన్ గెసెస్సెన్, బిన్ గెలేగెన్ అంటారు. ఇప్పుడు నాకూ అదే నోటికొస్తుంది. తప్పంటారా?

మ్యూనిక్ నుంచి: తప్పు కాదక్కా. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, దక్షిణ జర్మనీల్లో నిలబడటం, కూర్చోవడం, పడుకుని ఉండటం ఈ మూడింటికీ జైన్ మామూలే. ఉత్తరాన హాబెన్. మీరు పనిచేసే చోట ఏది వింటే అదే అనండి.

అడిగినవారు: అయితే వాక్యంలో ‘ని’ వచ్చే కర్మ ఉంటే కళ్ళు మూసుకుని హాబె పెట్టేయొచ్చా అన్నా?

మ్యూనిక్ నుంచి: చాలాసార్లు సరిపోతుంది, కానీ కళ్ళు తెరిచే ఉంచండి. ఇష్ బిన్ డెన్ గాంట్సెన్ వేగ్ గెలౌఫెన్, దారంతా నడిచే వచ్చాను. డెన్ వేగ్ కర్మలాగే కనిపిస్తుంది, కానీ దారిని మీరేమీ చేయలేదు. ఎంత దూరం నడిచారో చెప్పిందంతే. అలాగే ఇష్ బిన్ ఆటో గెఫారెన్, ఆర్టికల్ లేని ఆటో. అక్కడ కారుని ఎక్కడికో చేర్చడం కాదు, కారు నడపడం అనే పని. మీ వాక్యంలో డాస్ ఆటో ఉంది, అది షెడ్డుకి చేరింది. అందుకే హాబె.

గుంటూరు నుంచి: ఒప్పుకున్నాను. ‘పోయింది’ని మొదటి ఊహగా ఉంచుకుంటాను, ‘మర్చిపోయాను’ని దాని పక్కనే బోర్డు మీద రాస్తాను. కానీ డాన్సు సంగతేమిటి? అది కదలికే కదా, హాబె గెటాంట్స్ట్ అంటారు.

మ్యూనిక్ నుంచి: రాత్రంతా ఆడితే హాబె. ఆడుతూ హాలు ఈ చివర నుంచి ఆ చివరకి పోతే, బిన్ డుర్ష్ డెన్ జాల్ గెటాంట్స్ట్. ఎక్కడికి చేరామో చెబితే జైన్. ఈత దగ్గర మాత్రం నాకే రెండూ వినిపిస్తాయి. చెరువు దాటితే బిన్ గెష్వొమ్మెన్, అందులో సందేహం లేదు. ఊరికే గంటసేపు ఈదితే కూడా ఎక్కువమంది బిన్ అంటారు, కొందరు హాబె అంటారు.

గ్రాట్స్ నుంచి: మా వార్డులో బిన్ తప్ప వినలేదు. ఉత్తరాన ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.