పీడీఎఫ్ రిపోర్టును స్లైడ్లుగా మార్చడమా, కొత్తగా చేసుకోవడమా?

శ్రీలత: మా సంస్థ వార్షిక నివేదిక పీడీఎఫ్‌లో ఉంది. నిలువు ఏ4, 32 పేజీలు. బోర్డు మీటింగుకి పన్నెండు స్లైడ్లు కావాలి, అంకెలు తర్వాత మార్చుకునేలా ఉండాలి. అక్రోబాట్‌లో పవర్‌పాయింట్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలా? లేఅవుట్ ఎక్కడ చెడుతుంది?

కిరణ్: చాలండి. పేజీకో స్లైడ్ వస్తుంది, ఏ అక్షరం మీద క్లిక్ చేసినా ఎడిట్ అవుతుంది. అక్కర్లేని స్లైడ్లు తీసేస్తే పని అయిపోయినట్టే. మొదట్నుంచీ టైప్ చేయమనేవాళ్ల మాట వినకండి.

వెంకటరమణ: కిరణ్ గారూ, అక్షరం ఎడిట్ అవుతుంది, నిజమే. కానీ శ్రీలత గారికి కావలసింది టేబుల్, చార్టు ఎడిట్ అవడం. పీడీఎఫ్‌లో చాలాసార్లు టేబుల్ అనేదే ఉండదు. ఏ అంకె పేజీలో ఎక్కడ పడాలి, ఏ గీత ఎక్కడ గీయాలి అన్నంతవరకే ఉంటుంది. మిగతాదంతా కన్వర్టర్ ఊహించుకోవాలి.

ఖర్చుల పట్టిక ఉన్న పేజీ ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసి, పవర్‌పాయింట్‌లో Alt+F10 నొక్కి చూడండి. కుడివైపు ఆ స్లైడ్‌లో ఉన్న వస్తువులన్నీ వరసగా కనిపిస్తాయి. టేబుల్ అని ఒక్క పేరు ఉంటే అదృష్టం. అలా కాకుండా టెక్స్ట్ బాక్సులూ Freeform అనే విడి ఆకారాలూ పదుల్లో కనిపిస్తే అది టేబుల్ కాదు, విడి ముక్కలు. ఒక వరస తీసేస్తే అంకెలు పోతాయి, గీతలు అక్కడే ఉండిపోతాయి. చార్టుదీ అదే కథ. కుడి క్లిక్‌లో Edit Data రాకపోతే ఆ కడ్డీలు ఉత్త బొమ్మలు, వాటి వెనక అంకెలు లేవు.

పేజీ ఆకారం ఇంకో చిక్కు. ఏ4 ఎత్తు 29.7 సెంటీమీటర్లు, మామూలు వైడ్‌స్క్రీన్ స్లైడ్ ఎత్తు 19.05. పేజీ మొత్తం పట్టేలా కుదిస్తే 11 పాయింట్ల అక్షరం 7కి దిగుతుంది. వెనక వరసలో కూర్చున్న బోర్డు సభ్యుడు దాన్ని చదవలేడు.

సురేశ్: ఇంత టెన్షన్ ఎందుకండీ? పేజీలను పీఎన్‌జీ బొమ్మలుగా సేవ్ చేసి స్లైడ్‌కి ఒకటి పెట్టేయండి. ఏదీ కదలదు, ఫాంట్ కూడా మారదు.

శ్రీలత: సురేశ్ గారూ, అంకెలు మార్చాలి కదా. బొమ్మలో ఎలా కుదురుతుంది?

జానకి: మా జిల్లా రిపోర్టుతో నా అనుభవం చెప్తాను. పాత Anu ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు అది. పీడీఎఫ్‌లో చక్కగా కనిపించింది, ఎక్స్‌పోర్ట్ చేస్తే తెలుగంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ అయి కూర్చుంది. ఫాంట్ సెట్టింగులు ఎంత మార్చినా యూనికోడ్ తెలుగు రాలేదు.

వెంకటరమణ: జానకి గారూ, అలాంటి ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టారు. ముందే తెలుసుకోవాలంటే ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ తెలుగు రాకపోతే స్లైడ్‌లోనూ రాదు. అప్పుడు పేజీని 300 డీపీఐ బొమ్మగా తీసి ఓసీఆర్ చేయడం, అంటే బొమ్మలోని అక్షరాలను ప్రోగ్రామ్‌తో చదివించి టెక్స్ట్‌గా మార్చుకోవడం ఒక దారి. టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్, దాని తెలుగు డేటా ఇన్‌స్టాల్ అయి ఉండాలి:

```
tesseract page.png out -l tel
```

వత్తులు తప్పుతాయి, ప్రతి లైనూ చదివి దిద్దుకోవాలి.

శ్రీలత గారూ, నేనైతే మీ సంస్థ టెంప్లేట్‌లో ఖాళీ స్లైడ్లు తెరిచి ముక్కలు తెచ్చుకుంటాను. విండోస్ మైక్రోసాఫ్ట్ 365 ఉంటే పట్టికల కోసం ఎక్సెల్‌లో Data, Get Data, From File, From PDF. అంకెలు గడుల్లో పడ్డాక మొత్తం కూడి రిపోర్టులోని మొత్తంతో సరిపోల్చండి. రెండు లైన్ల శీర్షికలున్నచోట వరసలు జారతాయి. ఆ అంకెలతోనే పవర్‌పాయింట్‌లో చార్టు గీయండి. పేరాలు పేస్ట్ చేస్తే లైను చివర్లన్నీ విరిగి వస్తాయి. వర్డ్‌లో ఒక్కో పేరా సెలెక్ట్ చేసి `^p` స్థానంలో ఖాళీ పెట్టి Replace చేస్తే కలిసిపోతాయి.

కిరణ్: ఒక్కటి ఒప్పుకోండి. పీడీఎఫ్ మొదట స్లైడ్ల నుంచే పుట్టినదైతే ఎక్స్‌పోర్ట్ చాలా బాగా వస్తుంది. నేను రోజూ చేసేవి అవే.

వెంకటరమణ: వాటి విషయంలో మీ మాటే సరి. అడ్డం పేజీ, పెద్ద అక్షరాలు, తక్కువ వస్తువులు. అయినా చార్టు మాత్రం బొమ్మగానే మిగులుతుంది.

శ్రీలత: మా రిపోర్టులో రెండు చార్టులకి పక్కన అంకెలు ముద్రించలేదు. కడ్డీ ఎత్తు స్కేలుతో కొలిచి రాసుకోవచ్చా?

కిరణ్: రాసుకోండి, చిన్న తేడాని ఎవరూ పట్టించుకోరు.

వెంకటరమణ: బోర్డు ముందు పెట్టే అంకెని కొలిచి రాయకూడదండి. లెక్కల విభాగంలో అసలు ఎక్సెల్ అడగండి. ఇవ్వకపోతే ఆ రెండు చార్టులూ బొమ్మగానే పెట్టి, కింద రిపోర్టు పేజీ నంబరు వేయండి.

జానకి: అప్పుడు వచ్చే ఏడాది మార్చుకోవడం ఎలా? "సుమారు" అని రాసి కొలిచిన అంకె పెడితే తప్పేంటో నాకైతే అర్థం కావట్లేదు.