ఓపీ చీటీల కౌంటర్ ప్రాజెక్టు: షీటులో నాలుగు నిమిషాలే, బయట అరగంట నిలబడుతున్నారు. ఎక్కడ తేడా?

చీపురుపల్లి కుర్రాడు:
అందరికీ నమస్కారం. డిగ్రీ ఫైనలియర్, మ్యాథ్స్. ప్రాజెక్టుకి విజయనగరంలో ఒక ఆసుపత్రి ఓపీ చీటీల కౌంటర్ తీసుకున్నాను. ఒక సోమవారం తొమ్మిది నుంచి రెండు వరకు అక్కడే కూర్చుని, ఎవరు ఎప్పుడొచ్చారో, ఎవరికి ఎంతసేపు పట్టిందో రాసుకున్నా. సగటున 5 నిమిషాలకు ఒకరు వస్తున్నారు. ఆధార్, ఫోన్ నంబరు కొట్టి చీటీ ఇచ్చేసరికి 4 నిమిషాలు పడుతోంది. ఎక్సెల్‌లో రాకల మధ్య ఎడానికి `RANDBETWEEN(1,9)`, పనికి `RANDBETWEEN(1,7)` పెట్టాను. నిరీక్షణ సగటు నాలుగు నిమిషాల దగ్గర తిరుగుతోంది. అక్కడ మనుషులు చూస్తే అరగంట నిలబడుతున్నారు. పైగా F9 నొక్కిన ప్రతిసారీ అంకె మారిపోతోంది. రికార్డులో ఏది రాయాలి?

సాలూరు లారీ:
రెండో కౌంటర్ తెరవమనండి తమ్ముడూ, లేదా టోకెన్లు ఇమ్మనండి. మా లోడింగ్ యార్డులో టోకెన్ పెట్టాక గొడవే లేదు.

నాగావళి గట్టు:
లారీ గారూ, ఆయన అడిగింది క్యూ తగ్గించడం గురించి కాదు, లెక్క ఎందుకు కలవట్లేదని. అయినా టోకెన్ ఇస్తే నిలబడే బాధ తప్పుతుంది గానీ వేచి ఉండే టైము తగ్గదు కదా.
తమ్ముడూ, దీనికి షీటే అక్కర్లేదు. గంటకు 12 మంది వస్తారు, 15 మందిని పంపగలరు. 12ని 15తో భాగిస్తే 0.8, రెంటికీ తేడా 3. ఆ 0.8ని 3తో భాగించు, 0.267 గంట. అంటే 16 నిమిషాలు. అదే రాసెయ్.

రాజాం మేస్టారు:
16 అనేది తప్పు అంకె కాదు. కానీ రాకలూ పనీ రెండూ ఘాతీయ విభాజనంలో ఉండి, కౌంటర్ మూయకుండా రోజుల తరబడి నడిస్తే వచ్చే సగటు అది. ఈ కౌంటర్ తెరిచిన ఐదు గంటలకే మూసేస్తారు.

బాబూ, ముందు అసలు క్యూ ఎందుకు కడుతుందో చూడు. ఐదుకొకరు వస్తే, నాలుగులో పనైపోతే, ఎవరూ ఆగకూడదనిపిస్తుంది. ఐదుగురిని తీసుకుందాం. కౌంటర్ తెరిచాక 2, 9, 10, 12, 19 నిమిషాలకు వచ్చారనుకో. పని వరసగా 4, 3, 9, 2, 4 నిమిషాలు. మొదటివాడి పని 6కి అయిపోయింది. రెండోవాడు 9కి గానీ రాలేదు, కాబట్టి ఆ మూడు నిమిషాలు గుమాస్తా ఖాళీ. మూడోవాడి ఆధార్ కలవక తొమ్మిది నిమిషాలు పట్టింది, 21 దాకా వాడే ఉన్నాడు. 12కి వచ్చిన నాలుగోవాడు తొమ్మిది నిమిషాలు ఆగాడు, ఐదోవాడు నాలుగు. పొద్దున్న ఖాళీగా పోయిన మూడు నిమిషాలను దాచి ఇప్పుడు వాడుకునే వీలు లేదు. క్యూ అంతా అక్కడే పుడుతుంది. సగటుల్లో కాదు, ఎగుడుదిగుడుల్లో.

నీ `RANDBETWEEN(1,9)` ఆ ఎగుడుదిగుడుల్నే చదును చేసేసింది. దాంట్లో ఇద్దరు ఒక్కసారి రారు, పావుగంట ఖాళీ రాదు. అందుకే నాలుగు నిమిషాలు. ఘాతీయ విభాజనంతో కింది విధంగా పెట్టి చూడు. A ఎడం, B వచ్చిన టైము, C పని, D మొదలు, E ముగింపు, F నిరీక్షణ. మూడో వరుస ఇది:

```
A3: =-5*LN(1-RAND())
B3: =B2+A3
C3: =-4*LN(1-RAND())
D3: =MAX(B3,E2)
E3: =D3+C3
F3: =D3-B3
```

రెండో వరుసలో B2 అంటే A2, D2 అంటే B2, మిగతావి ఇలాగే. దీంట్లో ఇంచుమించు ఐదింట ఒక ఎడం నిమిషం లోపే ఉంటుంది, ఏడింట ఒకటి పది నిమిషాలు దాటుతుంది. D లో MAX మర్చిపోయి ఊరికే E2 రాసేవాళ్లున్నారు. అప్పుడు F లో రుణసంఖ్యలు కనిపిస్తాయి, మనిషి రాకముందే చీటీ ఇచ్చినట్టు!

చీపురుపల్లి కుర్రాడు:
పెట్టాను మేస్టారూ. ఇప్పుడు ఒకసారి 6, ఒకసారి 23, ఇంకోసారి 11 వస్తోంది. ముందుకన్నా ఘోరంగా ఊగుతోంది.

రాజాం మేస్టారు:
ఊగాలి. F9 ఒక్క నొక్కు ఒక రోజు. రోజులన్నీ ఒకలా ఉండవు. ఒక రోజు అంకె రాయకు, రెండు వందల రోజులు నడిపించు. H2 నుంచి H201 దాకా 1 నుంచి 200 వేసి, I1 లో `=AVERAGE(F2:F61)` పెట్టు. H1:I201 ఎంచుకుని Data మెనూలో What-If Analysis, అందులో Data Table. Column input cell దగ్గర ఏదైనా ఖాళీ గడి, K1 అనుకో, చూపించు. ఒక్కో వరుసకి కొత్త రోజు వస్తుంది. రికార్డులో సగటుతో పాటు, పదింట తొమ్మిది రోజులు ఎంత లోపు ఉందో కూడా రాయి: `=PERCENTILE(I2:I201,0.9)`. నా లెక్కలో ఈ రెండోదే ఎక్కువ పనికొస్తుంది. సగటు మాత్రం 16 కన్నా తక్కువే వస్తుంది, ఎందుకంటే నీ షీటులో రోజూ పొద్దున్న ఖాళీ కౌంటర్‌తో మొదలవుతోంది.

బొబ్బిలి వీణ:
నేను ఓపీకి వెళ్లినప్పుడు ఎనిమిదిన్నరకే జనం ఉంటారు. తొమ్మిదికి ఖాళీ కౌంటర్ ఎక్కడ?

చీపురుపల్లి కుర్రాడు:
అవునండీ. కౌంటర్ తెరిచేసరికే పదిమంది ఉన్నారు. వాళ్లని లెక్కలోకి తీసుకోలేదు.

రాజాం మేస్టారు:
దొరికింది నీ అరగంట. గంటకు 15 మందిని పంపుతారు, 12 మంది వస్తారు. అంటే క్యూ గంటకు ముగ్గురే తగ్గుతుంది. పదిమంది కరగడానికి మూడు గంటల పైనే. తొమ్మిదికి మొదలైన క్యూ మధ్యాహ్నం పన్నెండు దాటినా పూర్తిగా పోదు, ఆ మధ్యలో వచ్చినవాళ్లందరూ దాని వెనకే నిలబడాలి. మొదటి పది వరుసల్లో A గడిలో 0 పెట్టు, మిగతావి కిందికి జరుపు. I1 లో సగటు F2:F71 కి తియ్యి.

నాగావళి గట్టు:
అలాగైతే రథసప్తమికి అరసవల్లి క్యూకి కూడా ఇదే షీటు చాలా?

రాజాం మేస్టారు:
చాలదు. అక్కడ కొన్ని గంటలపాటు దర్శనం చేయించగలిగిన దానికన్నా వచ్చేవాళ్లే ఎక్కువ. అప్పుడు క్యూకి నిలకడైన సగటంటూ ఉండదు, పెరుగుతూనే పోతుంది. గంటగంటకీ ఎంతమంది వచ్చారు, ఎంతమంది వెళ్లారు, తీసివేత మిగులు ఎంత అన్నది చాలు. RAND పెట్టినా పెద్ద తేడా రాదు.

చీపురుపల్లి కుర్రాడు:
మొదటి పదిమందిని పెట్టాక అంకెలు నేను చూసిన దానికి దగ్గరకొచ్చాయి. ఇంకో సందేహం. తొమ్మిది తర్వాత వచ్చినవాళ్ల ఎడాలకి `STDEV` తీశాను, 7.3 వచ్చింది. పనికి 2.6.

రాజాం మేస్టారు:
మంచి పని చేశావు. ఘాతీయ విభాజనమైతే ప్రామాణిక విచలనం సగటుతో సమానంగా ఉండాలి, ఐదుకి ఐదు, నాలుగుకి నాలుగు. నీ రాకలు అంతకన్నా చెదురుమదురుగా ఉన్నాయి, పని అంతకన్నా నిలకడగా ఉంది. రాకలు గుంపులుగా ఉన్నాయేమో చూడు.

బొబ్బిలి వీణ:
ఉండవా మరి! బస్సు ఆగితే ఆరుగురు దిగుతారు. ఆటోలో వస్తే రోగికొకరు తోడు. తోడొచ్చినవాళ్లని కూడా లెక్కేశారా బాబూ?

చీపురుపల్లి కుర్రాడు:
లైన్లో నిలబడ్డవాళ్లనే రాశాను, కానీ ఒకరి కోసం ఇద్దరు నిలబడ్డ చోట ఏం చేశానో చూసుకోవాలి.

నాగావళి గట్టు:
సూత్రం వదిలేసి నీ ఎడాలనే వాడితే పోలా? ఎడాలు M2 నుంచి M61 దాకా ఉంటే `=INDEX($M$2:$M$61,RANDBETWEEN(1,60))`.

రాజాం మేస్టారు:
పనికి అది బాగుంటుంది. రాకలకి మాత్రం నాకు పూర్తిగా నమ్మకం లేదు. బస్సు దిగిన ఆరుగురి ఎడాలు వరసగా చిన్నవి. అలా ఒక్కొక్కటి ఏరితే ఆ చిన్నవన్నీ రోజంతా చెల్లాచెదురైపోతాయి, గుంపు విరిగిపోతుంది. గుంపు రాకనే ఒక వరుసగా తీసుకుని, గుంపులో ఎంతమందో వేరే గడిలో వేయడం ఒక దారి. దానికి ఒక్క సోమవారం లెక్క సరిపోతుందా అనేది వేరే ప్రశ్న. ఇంకో వారం మధ్యలో ఒక రోజు కూర్చుని రాసుకొస్తావా?

చీపురుపల్లి కుర్రాడు:
గురువారం వెళ్తాను మేస్టారూ. ఈసారి ఎనిమిదికే వెళ్లి, బస్సులు ఆగే టైములు కూడా రాసుకుంటా.