ఫొటోలోని పైపుల లెక్క: ముందు సమీకరణం రాయాలా, నేరుగా చేసేయాలా?

స్రవంతి:
స్నేహితురాలు ఒక లెక్కను ఫొటో తీసి పంపింది. పేజీ మడత పడటంతో చివరి వాక్యం ఫొటోలోకి రాలేదు, మధ్యలో ఒక సంఖ్య మసకగా ఉంది. నాకు కనిపించినంతలో లెక్క ఇది: “ఒక ట్యాంకును మొదటి పైపు 12 గంటల్లో, రెండవ పైపు 15 గంటల్లో నింపుతాయి. నిండిన ట్యాంకును మూడవ పైపు 6 గంటల్లో ఖాళీ చేస్తుంది. ఉదయం 8 గంటలకు మొదటి రెండు పైపులను, 10 గంటలకు మూడవ పైపును తెరిచారు.” ట్యాంకు ఎప్పుడు నిండుతుందని అడిగి ఉంటారనుకుని సమీకరణం రాస్తే t = −40 వచ్చింది. ఇలాంటి లెక్కలకు సమీకరణమే అక్కర్లేదని మా అన్నయ్య అంటున్నాడు. ముందుగా సమీకరణం రాయడం అవసరమా, కాదా?

భాస్కర్:
మీ అన్నయ్య చెప్పిందే సరైనది. 12, 15, 6 ల క.సా.గు. 60 కనుక ట్యాంకులో 60 భాగాల నీరు పడుతుందనుకోండి. గంటకు మొదటి పైపు 5 భాగాలు, రెండవది 4 భాగాలు నింపితే, మూడవది 10 భాగాలు బయటకు వదులుతుంది. అంటే మూడూ తెరిచి ఉన్నప్పుడు గంటకు ఒక భాగం చొప్పున నీరు తగ్గుతూ వస్తుంది. ఇక నిండటమనే ప్రశ్న ఎక్కడిది? 8 నుంచి 10 వరకు చేరిన 18 భాగాలూ పోవడానికి 18 గంటలు పడుతుంది కాబట్టి, మరుసటి రోజు తెల్లవారుజామున 4 గంటలకు ట్యాంకు ఖాళీ అవుతుంది. కాగితం మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా నోటితోనే చేయగలిగిన లెక్కకు t అని ఒకటి పెట్టుకుని, భిన్నాలతో కుస్తీ పట్టి, చివరికి −40 దగ్గర ఆగిపోవడం దేనికి?

ఇమ్రాన్:
ఫొటో సరిగ్గా తీయకపోవడమే ఇక్కడి అసలు సమస్య. పుస్తకాన్ని బల్ల మీద పరిచి, మడత దగ్గర వేలితో నొక్కిపెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకుని, ఫోనును పేజీకి సమాంతరంగా పట్టుకుంటే అంకెలన్నీ స్పష్టంగా వస్తాయి. పేజీ మొత్తాన్ని ఒకే ఫొటోలో ఇరికించడం కన్నా ఆ ఒక్క లెక్కను దగ్గరగా తీయడం మేలు.

రామ్మోహన్:
ఇమ్రాన్ గారి సలహా మంచిదే కానీ, స్రవంతి గారు అడిగింది ఫొటో తీయడం గురించి కాదు, చేతికి వచ్చిన ఫొటోతో ఏం చేయాలన్నది.

భాస్కర్ గారి లెక్కలో తప్పు లేదు, కానీ చెప్పకుండా దాటవేసిన అడుగు ఒకటి ఉంది. “ఎప్పుడు నిండుతుంది” అన్న ప్రశ్న పొసగకపోయేసరికి ఆయన దానిని “ఎప్పుడు ఖాళీ అవుతుంది” అని మార్చుకున్నారు. ఆ మార్పు సమంజసమైనదే కావచ్చు. అయితే మసకగా ఉన్న ఆ సంఖ్య నిజంగా 6 అవునో కాదో ఆయన చూడలేదు. ఫొటోలో స్పష్టంగా లేనివి రెండు: చివరి వాక్యం ఒకటి, మూడవ పైపు సమయం ఒకటి. ఇందులో ఒకదానిని సరైనదిగా తీసుకుని రెండవదానిని దిద్దడానికి ఆధారం ఏముంది?

ఇలాంటి ఫొటో చేతికి వచ్చినప్పుడు నేను స్పష్టంగా కనిపించే వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా సమీకరణంలోకి మార్చి, కనిపించని సంఖ్య స్థానంలో ఒక అక్షరాన్ని ఉంచుతాను. ఉదయం 8 నుంచి గడిచిన గంటలను t అని, మూడవ పైపు ఖాళీ చేసే సమయాన్ని n అని అనుకుంటే, ట్యాంకు నిండే సందర్భంలో ఇలా వస్తుంది:

t/12 + t/15 − (t − 2)/n = 1

మొదటి రెండు పైపులు t గంటలూ పనిచేస్తాయి, మూడవది రెండు గంటలు ఆలస్యంగా మొదలవుతుంది కనుక దానికి (t − 2) గంటలే. ఈ ఒక్క చోట పొరపాటు పడేవాళ్లే ఎక్కువ. 10 గంటల నుంచి లెక్కించేవారు మూడవ పైపుకు t, మిగతా రెండింటికీ t + 2 రాయాలి. ఏ గడియ నుంచి లెక్కిస్తున్నారో మొదటి పంక్తిలోనే రాసిపెట్టుకోకపోతే, చివరికి వచ్చిన 18 దేని నుంచి 18 అన్నది తెలియదు.

ఇప్పుడు n సంగతి. మొదటి రెండు పైపులు కలిసి గంటకు 9/60 వంతు నింపుతాయి. తొలి రెండు గంటల్లో చేరేది 18/60 వంతే కాబట్టి, ఆ తర్వాత కూడా నీటిమట్టం పెరుగుతూ ఉంటేనే ట్యాంకు నిండుతుంది. అందుకు 1/n అనేది 9/60 కంటే తక్కువ కావాలి, అంటే n విలువ ఆరు గంటల నలభై నిమిషాలకు మించాలి. కాబట్టి ప్రశ్న “నిండుతుంది” అయితే ఆ సంఖ్య 6 అయ్యే వీలే లేదు.

భాస్కర్:
కాదనను. కానీ గంటకు ఒక భాగం తగ్గుతుందని నా పద్ధతిలో రెండో వాక్యానికే తెలిసింది, సమీకరణం రాసినవారికి −40 వచ్చేవరకు తెలియలేదు. ఎవరి పద్ధతి ముందుగా హెచ్చరించినట్టు?

రామ్మోహన్:
ఆ మాట ఒప్పుకోవలసిందే. రేట్లను కలిపి గుర్తు చూడటం మీ పద్ధతిలో సహజంగానే జరిగిపోతుంది, సమీకరణం రాసేవారు దానిని పనిగట్టుకుని చేయాలి. అయితే −40 కూడా అర్థంలేని సంఖ్య కాదు. మూడు పైపులూ తెరిచి ఉన్న స్థితిలో నీటిమట్టం (20 − t)/60 అవుతుంది. మూడవ పైపు తెరవకముందు ఈ సూత్రం వర్తించదు. దానిని వెనక్కి సాగదీస్తే, ఉదయం 8 కి నలభై గంటల ముందు ట్యాంకు నిండి ఉండాలని చెబుతోంది. అంటే సమీకరణాన్ని సాధించడంలో స్రవంతి గారు ఎక్కడా తప్పలేదు, ఫొటో నుంచి చదువుకున్నదానిలోనే ఏదో తేడా ఉంది.

లలిత:
నేను పోటీ పరీక్షలకు చదివేవారికి లెక్కలు చెబుతాను. పరీక్షలో ఒక్కో లెక్కకు దొరికే సమయం నిమిషం కూడా ఉండదు, అక్కడ భాస్కర్ గారి పద్ధతే నడుస్తుంది. కానీ నా అనుభవంలో క.సా.గు. పద్ధతి మొదలే కాని లెక్కలు కూడా ఉన్నాయి. “రెండు పైపులు కలిసి ట్యాంకును 6 గంటల్లో నింపుతాయి, విడివిడిగా అయితే ఒకటి రెండవదాని కన్నా 5 గంటలు ముందుగా నింపుతుంది” అంటే దేని క.సా.గు. తీసుకుంటాం? 1/x + 1/(x + 5) = 1/6 అని రాసుకుంటే x² − 7x − 30 = 0 వస్తుంది, x = 10 లేదా −3. ఇక్కడ వచ్చిన −3 ను వదిలేసి 10 ని తీసుకుంటాం. నా విద్యార్థులు ఈ అలవాటుతోనే, స్రవంతి గారికి వచ్చినట్టు ఒంటరిగా −40 వచ్చినా గుర్తు తీసేసి 40 గంటలని రాసేస్తారు.

ఫొటోల విషయంలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది రైళ్ల లెక్క. 120 మీటర్ల రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, 180 మీటర్ల రైలు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాయి. “ఎదురెదురుగా” అన్న పదం కనిపిస్తే వేగాలు కలిసి 90, అంటే సెకనుకు 25 మీటర్లు, ఒకదానిని ఒకటి దాటడానికి 12 సెకన్లు. “ఒకే దిశలో” అయితే తేడా 18, అంటే సెకనుకు 5 మీటర్లు, దాటడానికి 60 సెకన్లు. ఆ పదం ఫొటో అంచున తెగిపోతే, రెండు జవాబులూ చక్కగానే ఉంటాయి కాబట్టి ఏ సమీకరణమూ అనుమానం రానివ్వదు. అందువల్ల సమీకరణం రాస్తే ఫొటోలోని లోపం బయటపడుతుందన్న రామ్మోహన్ గారి నమ్మకం నాకు పూర్తిగా లేదు.

స్రవంతి:
స్నేహితురాలు చివరి వాక్యాన్ని ఇప్పుడు చదివి చెప్పింది: “ట్యాంకు ఎప్పుడు నిండుతుంది?” అనే ఉందట. మసకగా ఉన్న సంఖ్య 16 అయి ఉండవచ్చా? 16 పెడితే t = 10 వస్తోంది, అంటే సాయంత్రం 6 గంటలు. ఇంత చక్కగా వచ్చిందంటే అదే అయి ఉంటుంది కదా?

భాస్కర్:
అదే. 12, 15, 16 ల క.సా.గు. 240. నింపేవి గంటకు 20, 16, వదిలేది 15. తొలి రెండు గంటల్లో 72, మిగిలిన 168 ని గంటకు 21 చొప్పున నింపడానికి 8 గంటలు. సాయంత్రం 6. ఇక చర్చ ముగిసినట్టే.

రామ్మోహన్:
ముగియలేదు. అదే సమీకరణంలో n = 8 పెట్టి చూడండి. 120 తో గుణిస్తే 18t − 15(t − 2) = 120, అంటే 3t = 90, t = 30. మరుసటి రోజు మధ్యాహ్నం 2 గంటలు. ఇదీ అంతే చక్కగా ఉంది. సరిచూస్తే, 30 గంటల్లో మొదటి రెండు పైపులు కలిసి నాలుగున్నర ట్యాంకుల నీరు పోస్తాయి, మూడవది 28 గంటల్లో మూడున్నర ట్యాంకులు ఖాళీ చేస్తుంది, మిగిలేది ఒక ట్యాంకు. మసక ఫొటోలో 8 కి, 6 కి తేడా పైభాగంలోని చిన్న గీతే. పైగా ప్రశ్న “ఖాళీ అవుతుంది” అయి ఉంటే, భాస్కర్ గారు ముందు చెప్పినట్టు, 6 తో కూడా 20 గంటలని పూర్ణాంకమే వచ్చేది. జవాబు పూర్ణాంకంగా రావడాన్ని ఫొటో చదవడానికి సాక్ష్యంగా తీసుకోకూడదనడానికి ఇంతకన్నా మంచి లెక్క దొరకదు. లలిత గారు రైళ్ల విషయంలో చెప్పింది కూడా ఇదే.

ఇక ఫొటోనే చూడాలి. స్రవంతి గారూ, ఆ సంఖ్యకు ఎడమవైపున ఉన్న పదానికి, సంఖ్యకు మధ్య ఎంత ఖాళీ ఉంది? అదే వరుసలో 12, 15 ల ముందు ఉన్న ఖాళీతో పోల్చి చెప్పండి.

స్రవంతి:
పెద్దది చేసి చూశాను. ఖాళీ మూడు చోట్లా ఒకే తీరుగా ఉంది, మధ్యలో ఇంకో అంకె పట్టే చోటు లేదు. అంకె పైభాగం మూసుకుని ఉన్నట్టుంది కానీ, అక్కడే మడత నీడ పడింది.

రామ్మోహన్:
అయితే 16 ని పక్కన పెట్టవచ్చు. ఒకే అంకె అయితే, నిండే లెక్కకు 7, 8, 9 మాత్రమే మిగులుతాయి. 7 అయితే t = 100, 9 అయితే t = 20. ఆకారాన్ని బట్టి 8 అనుకుంటున్నాను, కానీ పుస్తకం చూసేవరకు జవాబు పక్కన “n = 8 అయితే” అని రాసి ఉంచండి.

భాస్కర్:
ఈ లెక్కకు n పెట్టడం ఉపయోగపడిందని ఒప్పుకుంటాను. అంకెలన్నీ స్పష్టంగా ఉన్న ఫొటోకు మాత్రం నేను ఇప్పటికీ సమీకరణం రాయను.

లలిత:
స్పష్టంగా ఉన్నాయని తెలిసేది ఎలా, భాస్కర్ గారూ? స్రవంతి గారు కూడా మొదట 6 అనే చదివారు.