తమ్ముడు 12 రోజుల్లో మామూలు మనిషయ్యాడు, ఇంక మాత్రలు ఆపేయొచ్చా?

చెరువుగట్టు
మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరండి, రొయ్యల చెరువులు చేసుకుంటాం. తమ్ముడికి 20 ఏళ్లు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. పరీక్షలయ్యాక ఇంటికొచ్చాడు గాని వచ్చిన రోజు నుంచే తేడాగా ఉన్నాడు. మూడు రాత్రులు కన్ను మూయలేదు. చెరువు దగ్గర షెడ్డులో ఉన్న సీసీ కెమెరాకి గుడ్డ కట్టేశాడు, ఫ్యాను తిరుగుతుంటే అందులోంచి హాస్టల్ కుర్రాళ్లు తన పేరు పెట్టి మాట్లాడుకుంటున్నారన్నాడు. నాలుగో రోజు అమ్మ అన్నం పెడితే అందులో ఏదో కలిపావని కంచం తోసేసి, అర్ధరాత్రి కాలవగట్టు మీద పరుగెత్తాడు. గాలి సోకిందని నాన్న తాయెత్తు కట్టించారు, అలా ఒక రోజు పోయింది. తర్వాత కాకినాడలో సైకియాట్రిస్టుకి చూపించాం. ఎనిమిది నెలలుగా రోజూ గంజాయి తాగుతున్నాడని అప్పుడు తెలిసింది, ఆఖరి వారం ఆయిల్ కూడా వాడాడట. రాత్రికి ఒలాంజపిన్ రాశారు, నిద్రకి ఇంకో మాత్ర ఐదు రోజులకే రాశారు.

ఇప్పటికి మాత్రలు మొదలుపెట్టి 12 రోజులు. నిద్ర పడుతోంది, భయం పోయింది, "ఏంటన్నయ్యా, నేను అలా చేశానా" అని ఏడ్చాడు. క్లినిక్‌లో ఒక పాంప్లెట్ ఇచ్చారు. గంజాయి మానేస్తే చాలామందికి కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తగ్గిపోతుందని ముందు రాసి, కింద మాత్రం ముగ్గురిలో ఒకరికి తర్వాత స్కిజోఫ్రేనియా లాంటి పెద్ద జబ్బుగా మారుతుంది, చూపించుకోవడం మానొద్దు అని రాశారు. నాన్న మొదటి వాక్యం పట్టుకుని మాత్రలు ఆపేసి సోమవారం కాలేజీకి పంపేద్దామంటున్నారు. నాకు రెండో వాక్యం చదివినప్పటి నుంచి కడుపులో దేవుతోంది. ఏది నమ్మాలండి?

లంకగాలి
అన్నా, టెన్షన్ పడకు. మా ఫ్రెండ్‌కి ఇలాగే అయింది, గంజాయి మానేశాడు, మాత్ర ఒక్కటీ మింగలేదు, ఇప్పుడు దుబాయ్‌లో ఉద్యోగం. అసలు ఆకు వల్ల ఏమీ కాదు, శివరాత్రికి భంగు తాగేవాళ్లు ఎంతమంది లేరు? ఇప్పుడొచ్చే సరుకులో కెమికల్స్ కలుపుతున్నారు, వాటి వల్లే ఇదంతా. మాత్రలు మాత్రం అలవాటైపోతాయి, జాగ్రత్త.

వార్డు అక్క
నేను సైకియాట్రీ వార్డులో 11 ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. చెరువుగట్టు గారూ, ఆ రెండు వాక్యాలూ నిజమేనండి, రెండూ మీ తమ్ముడి గురించే.

ముందు లంకగాలి చెప్పినదాని గురించి. మీ ఫ్రెండ్‌కి మాత్ర లేకుండా తగ్గి ఉండొచ్చు బాబూ, అలా తగ్గేవాళ్లని నేనూ చూశాను. కానీ కెమికల్ కలిపితేనే వస్తుందనుకోవడం తప్పు. గంజాయిలోనే ఉండే టీహెచ్‌సీ అనే పదార్థం చాలు. అది ఎంత ఎక్కువ ఉంటే, ఎన్ని రోజులు వరసగా తీసుకుంటే, ప్రమాదం అంత పెరుగుతుంది. యూరప్‌లోని నగరాల్లోనూ బ్రెజిల్‌లోనూ చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ తాగేవాళ్లలో సైకోసిస్, అంటే మీ తమ్ముడికి వచ్చినట్టు లేని మాటలు వినపడి, లేని భయాలు నిజమని నమ్మే స్థితి, వచ్చే అవకాశం ఎప్పుడూ తాగనివాళ్లకంటే మూడు రెట్లు, టీహెచ్‌సీ పది శాతం పైన ఉన్న ఘాటు రకం రోజూ తాగేవాళ్లలో దాదాపు ఐదు రెట్లు కనిపించింది. మన దగ్గర ఆయిల్ అంటే ఆకు సారాన్ని దించిన చిక్కటి ద్రవం, ఒక చుక్కలోనే బోలెడంత ఉంటుంది. ఏడాదికోసారి భంగు తాగడం, ఎనిమిది నెలలు రోజూ తాగి ఆఖర్న ఆయిల్‌కి ఎక్కడం ఒకటి ఎలా అవుతాయి?

ఇక మాత్రల సంగతి. "తగ్గింది" అన్న మాటలో ఒక మెలిక ఉందండి. ఇవాళ అతను బాగున్నది జబ్బు పోయినందుకా, ఒలాంజపిన్ పట్టి ఉంచినందుకా అనేది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, డాక్టరు కూడా. గంజాయి మానిన నెల తర్వాత కూడా భయాలు, శబ్దాలు మిగిలితే అది గంజాయి వరకే ఆగిన సంగతి కాదేమోనని అనుమానించాలంటారు. ఆఖరిసారి తాగి ఇతనికి ఇంకా నెల కాలేదు, పైగా మాత్రల మీద ఉన్నాడు. అందుకే డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తూ, తగ్గించిన ప్రతిసారీ ఎలా ఉన్నాడో చూస్తారు. ఒక్కసారిగా ఆపితే ఏది తిరిగొచ్చిందో కూడా తెలియదు. అలవాటైపోతుందన్న భయం ఆ ఐదు రోజుల నిద్రమాత్రకి వర్తిస్తుంది, అందుకే దాన్ని ఐదు రోజులకే రాశారు. ఒలాంజపిన్‌కి వ్యసనం ఉండదు, కానీ ఆకలి, బరువు, షుగరు పెంచుతుంది. బరువు ఇప్పుడే చూసి రాసిపెట్టండి.

ఒక్కటి అడుగుతాను, మీ ఇంట్లో అటూ ఇటూ ఎవరికైనా మతి చలించిన దాఖలా ఉందా?

తణుకు మామ్మ
అమ్మా నర్సమ్మా, మా ఆయనా అంతే. మందు మానేయమని ఇంట్లో పడేసి తాళం వేశాం, మూడో రోజుకి గోడ మీద తేళ్లు పాకుతున్నాయంటున్నాడు, చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమట. ఇదీ నెలలో తగ్గిపోతుందా?

వార్డు అక్క
మామ్మగారూ, ఇది చదవగానే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి. ఇది వేరే సంగతి. రోజూ బాగా తాగేవాళ్లు మందు ఒక్కసారిగా ఆపితే రెండు, మూడు రోజులకి ఇలా వస్తుంది, ఫిట్స్ రావొచ్చు, ప్రాణానికే ముప్పు. గంజాయి ఆపితే నిద్ర పట్టదు, చిరాకు వస్తుంది, ఆకలి పోతుంది గాని ఇలాంటి ముప్పు ఉండదు. వెళ్లాక ఇక్కడ ఒక్క ముక్క రాయండి.

రెండోసారి లేచాను
నాది భీమవరం దగ్గర, వయసు 26. నా సంగతి రాస్తాను, ఎందుకంటే మీ నాన్నగారు అన్న మాటే మా నాన్నా అన్నారు.

22 ఏళ్లప్పుడు మొదటిసారి వచ్చింది. టీవీలో వార్తలు చదివేవాళ్లు నాకే సంకేతాలు ఇస్తున్నారని నమ్మాను. మూడు వారాల్లో తగ్గింది, మాత్రలు నెలకే ఆపేశాం, పాత రూముకే వెళ్లాను. నలుగురం కూర్చునే చోటు అదే, రెండు నెలలు ఆగి ఒక దమ్ము కొట్టాను, ఏమీ కాలేదు. ఏమీ కాలేదు గదా అని మళ్లీ రోజూ మొదలైంది. ఆర్నెల్లకి రెండోసారి వచ్చింది, ఈసారి తగ్గడానికి మూడు నెలలు పట్టింది, ఒక సంవత్సరం చదువు పోయింది. ఇప్పటికీ మాత్ర వాడుతున్నాను, నాది బైపోలార్ అని తేల్చారు. గంజాయి లేకపోయినా వచ్చేదా అని చాలాసార్లు అడిగాను, చెప్పలేమన్నారు.

రెండుసార్లూ ముందు పోయింది నిద్రే. మాటలు వినపడటం కంటే పది రోజుల ముందే నిద్ర తగ్గింది, స్నానం మానేశాను, ఫోను బోర్లా పెట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా అమ్మ కేలెండరు మీద నేను పడుకున్న గంటలు రాస్తుంది. వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలకి తగ్గితే డాక్టరుకి ఫోన్ చేయాలని మా ఇంట్లో ఒప్పందం.

చెరువుగట్టు
అక్కా, మా వంశంలో అలాంటివాళ్లు ఎవరూ లేరండి. ఇంకో గొడవ జరిగింది. నాన్న మందుల షాపులో టెస్టు కిట్ కొనుక్కొచ్చి నిన్న మూత్రం పరీక్ష చేశారు, గంజాయి ఉందని చూపించింది. మళ్లీ తాగుతున్నావని చెంప మీద కొట్టారు. వాడు తాగలేదని ఒట్టు వేస్తున్నాడు, రాత్రంతా ఏడ్చాడు, ఎవరూ నన్ను నమ్మరు, నేను ఉండి ఏం లాభం అన్నాడు. ఆఖరిసారి తాగి ఇవాళ్టికి 17 రోజులు.

వార్డు అక్క
17 రోజులకి చూపించడంలో వింత లేదండి. టీహెచ్‌సీ ఒంట్లో కొవ్వులో నిలవుండి మెల్లగా బయటికొస్తుంది. ఎప్పుడో ఒకసారి తాగినవాళ్లకి నాలుగైదు రోజుల్లో పోతుంది గాని నెలల తరబడి రోజూ తాగినవాళ్లకి మూడు నాలుగు వారాలు కూడా చూపిస్తుంది. ఆ కిట్ తాగాడని చెబుతుంది, ఎప్పుడు తాగాడో చెప్పదు. మీ నాన్నగారికి ఇది ఇవాళే చెప్పి, తమ్ముడి ఎదుట ఆ మాట వెనక్కి తీసుకోమనండి.

"నేను ఉండి ఏం లాభం" అన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. భయం తగ్గి, తాను చేసినవి గుర్తొచ్చే ఈ రోజుల్లోనే సిగ్గుతో కుంగిపోతారు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు, చెరువు మందులు, పురుగుమందులు ఉన్న షెడ్డుకి తాళం వేయండి, బండి తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి. డాక్టరుకి ఈ రోజే చెప్పండి. టెలీ మానస్ 14416 రాత్రయినా పగలయినా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. వాడు అవునని చెప్పినా, ఏదైనా సిద్ధం చేసుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికే.

లంకగాలి
నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను అన్నా, ఇంత ఉందని తెలీదు. ఒక డౌటు, ఆసుపత్రిలో గంజాయి అని చెబితే పోలీసులకి చెప్పేయరూ? మా ఊళ్లో అందరూ అందుకే ఆగిపోతారు.

వార్డు అక్క
చూపించుకోవడానికి వచ్చాడని డాక్టరు ఫోన్ చేసి కేసు పెట్టించడం నేను 11 ఏళ్లలో చూడలేదు బాబూ. 2017 మానసిక ఆరోగ్య చట్టం పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. సంచిలో సరుకుతో దొరికితే సంగతి వేరు, దానికి లాయరుని అడగాలి.

గోదారి మాస్టారు
డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ముగ్గురిలో ఒకరు అన్న లెక్కకి భయపడిపోకండి. 2020లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే గంజాయి సైకోసిస్ అని డాక్టర్లు రాసినవాళ్లలో 34 శాతం తర్వాత స్కిజోఫ్రేనియాకి వెళ్లారు. అంటే తాగినవాళ్లందరిలో కాదు, ఒకసారి గుండె దడ వచ్చినవాళ్లలో కాదు, మీ తమ్ముడిలా డాక్టరు దాకా వచ్చినవాళ్లలో. ముగ్గురిలో మిగతా ఇద్దరూ అలా వెళ్లలేదు. ఒక సంవత్సరం చూస్తే చాలు, ఆ తర్వాత ప్రమాదం పోయినట్టే.

వార్డు అక్క
ఆఖరి మాట మాత్రం సరికాదు మాస్టారూ. డెన్మార్క్‌లో ఇలాంటివాళ్లని ఏళ్లపాటు గమనించారు. మత్తు వల్ల సైకోసిస్ వచ్చి స్కిజోఫ్రేనియాకి వెళ్లినవాళ్లలో సగంమంది మూడేళ్ల లోపు వెళ్లారు, అంటే మిగతా సగం ఆ తర్వాత. 16 నుంచి 25 ఏళ్లవాళ్లకే ఎక్కువ. పాంప్లెట్లో చూపించుకోవడం మానొద్దు అన్నది అందుకు. అన్నాళ్లూ మాత్రలు మింగాలని కాదు, మాత్రలు ఎన్నాళ్లన్నది డాక్టర్ల మధ్యే ఒక్క మాట మీద లేదు. మాత్రలు ఆపాక కూడా మనిషిని చూపిస్తూ ఉండాలని.

రెండోసారి లేచాను
కాలేజీ గురించి నా మాట, సెమిస్టరు పోయినా పర్లేదు, ఆ రూముకి మాత్రం పంపొద్దు. రోజూ ఇంటి నుంచి వెళ్లొచ్చే దారి చూడండి.

గోదారి మాస్టారు
ఇంట్లో కూర్చోబెడితే కుర్రాడు ఇంకా కుంగిపోడూ? నాకైతే నెల తర్వాత రూము మార్చి పంపడమే మంచిదనిపిస్తుంది.

చెరువుగట్టు
అందరికీ దండాలండి. వాడిని నేరుగా అడిగాను, చచ్చిపోవాలని రెండు రోజులుగా అనిపించిందట, ఎలాగన్నది అనుకోలేదట. డాక్టరుకి ఫోన్ చేశాను, రేపు పొద్దున్నే రమ్మన్నారు. ఈ రాత్రి వాడి మంచం పక్కనే పడుకుంటున్నాను. షెడ్డు తాళం నా మొలతాడుకే ఉంది. నాన్న వాడి దగ్గరికెళ్లి కూర్చున్నారు, ఏమీ మాట్లాడలేదు గాని చెయ్యి పట్టుకున్నారు.

అక్కా, మీరు అడిగిందానికి నేను తప్పు చెప్పాను. అమ్మని మళ్లీ అడిగితే చాలాసేపు ఊరుకుని చెప్పింది, అమ్మకి ఒక అన్న ఉండేవాడట. 23 ఏళ్లప్పుడు ఎవరో తనని చంపడానికి వస్తున్నారని ఇల్లు వదిలి వెళ్లిపోయాడట, మళ్లీ రాలేదు. సన్యాసుల్లో కలిసిపోయాడని ఇంట్లో అందరూ అనుకునేవాళ్లట. ఇది రేపు డాక్టరుకి చెప్పాలా?

వార్డు అక్క
చెప్పండి. అమ్మగారినే తీసుకెళ్లి ఆవిడ నోటితో చెప్పించండి.

తణుకు మామ్మ
ఆయన్ని చేర్చుకున్నారమ్మా. సెలైను పెట్టారు, ఇంకా తేళ్లే అంటున్నాడు.