65×65×6 యాంగిల్ బ్రేస్: 5000 నుంచి ఎంత తీసేసి కొయ్యాలి?

కొత్త_ఫిట్టర్: డ్రాయింగ్‌లో బ్రేస్ ఐఎస్ఏ 65×65×6, గస్సెట్‌కి బోల్టులు. కాలమ్ సెంటర్లు 4000, బీమ్ సెంటర్లు 3000, అన్నీ 200 సైజు. కట్ లెంగ్త్ ఎంత?

షెడ్డు_మేస్త్రి: లోపలి ఖాళీ 3800, 2800. టేపు ఏటవాలుగా పట్టు, 4720 వస్తుంది. అంతే కొయ్యి. లెగ్ 65 కాదు, 6 పోతే 59. బోల్టు గేజ్ లోపల్నుంచి కొలువు.

గేజ్_లైన్: అన్నా, లోపల 59 అన్నది నిజమే. కానీ గేజ్ 35ని మూల బయటి వైపు నుంచే కొలవాలి. లోపల్నుంచి పెడితే రంధ్రం 6 పక్కకి జరిగి గస్సెట్ రంధ్రంతో కలవదు. మూడో అంకె మందం. అంచు గుండ్రంగా ఉంటుంది కాబట్టి కాలిపర్‌ని కాస్త లోపలికి పెట్టి చూడాలి. మీటరు 5.8 కిలోలు తూగాలి. 4.9 తూగితే 5 మిల్లీమీటర్ల సరుకు అంటగట్టారన్నమాట.

లెంగ్త్‌కి సెంటర్లే ఆధారం: 4000, 3000కి 5000. వాలు అడ్డంగా 4000/5000 = 0.8, నిలువుగా 3000/5000 = 0.6. మూల పైకి ఉంచి, బీముకి 10 ఖాళీ వదులుదాం, బీములో సగం 100తో కలిపి 110. కింద చివర తగిలేది అంచు వైపు, గేజ్ నుంచి 30 దూరం, 0.8తో గుణిస్తే 24. (110+24)ని 0.6తో భాగిస్తే 223, అంటే 225. పైన బీముకి తగిలేది మూల వైపు, 35 దూరం, అంటే 28. (110+28)ని 0.6తో భాగిస్తే 230. కాలమ్ వైపు 164 చాలు, కాబట్టి బీమే నిర్ణయిస్తుంది. 5000−455 = 4545.

ట్యాంకు_స్టాండు: మాది 75×50×6. ఏ లెగ్‌కి బోల్టు వేయాలి?

షెడ్డు_మేస్త్రి: నా 4720కీ నీ 4545కీ 175 తేడా! పొట్టిగా కోస్తే ముక్క స్క్రాపే. ఇన్నేళ్లుగా టేపుతోనే కోస్తున్నాం, మాకేం తెలీదా?

గేజ్_లైన్: మీరు కోసేది దేనికి? గస్సెట్ ఉందా?

షెడ్డు_మేస్త్రి: గస్సెట్ ఎందుకు? చివరలు వాలుగా కోసి నేరుగా వెల్డింగే.

గేజ్_లైన్: అదీ సంగతి. మీ పద్ధతిలో చివర కాలమ్‌ని, బీముని తాకాలి. ఇక్కడ తాకకూడదు. పైగా 3800, 2800తో వాలు దాదాపు అర డిగ్రీ మారిపోతుంది, గస్సెట్ రంధ్రాలేమో 4000, 3000 లెక్కకే ఉంటాయి.

షెడ్డు_మేస్త్రి: బోల్టుకి సరే. అయినా కట్టిన కాలమ్‌లు డ్రాయింగ్ ప్రకారం నిలబడతాయా? ముందు ఒక్కటి కోసి బిగించి చూడు.

గేజ్_లైన్: అది ఒప్పుకుంటా. కానీ చూడాల్సింది కట్ లెంగ్త్ కాదు, చివరి రంధ్రం నుంచి చివరి రంధ్రానికి దూరం. రెండు చివర్లా అంచు నుంచి 35 చొప్పున వదిలితే 4475. సైట్లో గస్సెట్ల మధ్య అది 4480 ఉంటే బ్రేస్‌లో రంధ్రాల దూరం మార్చాలి, ఎం16కి 18 రంధ్రం ఇచ్చే సందు 2 మిల్లీమీటర్లే.

ట్యాంకు_స్టాండు: 75×50 సంగతి ఎవరూ చెప్పలేదు.

కొత్త_ఫిట్టర్: రేపు గస్సెట్ రంధ్రాల మధ్య కొలిచి రాస్తాను.